జులై కాదు, అక్టోబర్

ఉమాశ్రీ సంగతి చెబుతుంటే మధ్యలో ఎవరైనా “పాపం, అమాయకురాలు” అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. హైటెక్ సిటీలో ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి అమాయకంగా ఎలా ఉంటుందండీ? పొద్దున వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఆ అలవాటును ఆఫీసులో వదిలిపెట్టి రాదు, అదీ గొడవ. మా క్యాంటీన్ వాడు రెండు వడలకు బిల్లు కొట్టి పరధ్యానంగా మూడు వేస్తే, మళ్ళీ లైన్లో నిలబడి మూడోది వెనక్కిచ్చింది. వాడు బిత్తరపోయి “బాలేదా మేడమ్?” అన్నాడు. వెనకాల ఆకలితో నిలబడ్డ నాకు ఆ వడ వాడి నెత్తిన వేయాలనిపించింది.

నేను నవ్యను. మాది ప్రొద్దుటూరు. ఉమాశ్రీ వాళ్ళది తెనాలి. హఫీజ్‌పేట్‌లో ఒకే అపార్ట్‌మెంట్, వాళ్ళు రెండో అంతస్తు, మేము మూడు. అప్పట్లో ఒకే కంపెనీలో వేరే వేరే టీములు. నా స్కూటీ వెనక కూర్చుని మాదాపూర్ వచ్చేది. దారిపొడుగునా నేను ఆటోవాళ్ళను తిడుతుండేదాన్ని, ఆమె వెనక నుంచి వాళ్ళ తరఫున వాదిస్తుండేది. వాళ్ళ నాన్న సోమేశ్వరరావు గారు ట్రెజరీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అమ్మ కనకలక్ష్మి గారు మాత్రం రిటైరవలేదు. పంచాంగం చేతిలో ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆవిడదే పెత్తనం.

ఈ వేసవిలో ఉమాశ్రీ ప్రాజెక్టు మూతపడి ఆమె బెంచ్ మీదికి వచ్చింది. బెంచ్ అంటే పని లేకుండా ఖాళీగా కూర్చోబెట్టి జీతమివ్వడం. వినడానికి స్వర్గంలా ఉంటుంది. కాని కొంతకాలంలో కొత్త ప్రాజెక్టు దొరక్కపోతే హెచ్ఆర్ వాళ్ళు గదిలోకి పిలిచి, మంచినీళ్ళిచ్చి, “మీరే రిజైన్ చేస్తే గౌరవంగా ఉంటుంది” అంటారు. ఆమె పక్క కుర్చీలు రెండు అప్పటికే అలా గౌరవంగా ఖాళీ అయిపోయాయి. తరువాతి మంచినీళ్ళు ఎవరికో మా అందరికీ తెలుసు. అలాంటి సమయంలో గచ్చిబౌలిలో ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. సీనియర్ టెస్ట్ ఇంజనీర్ ఉద్యోగం. కనీసం ఆరేళ్ళ అనుభవం ఉండాలన్నారు. ఉమాశ్రీ రెజ్యూమెలో జులై 2019 నుంచి ఇప్పటిదాకా అని ఉంది. అప్పుడు ఆగస్టు 2025. ఆరేళ్ళు దాటి ఒక నెల. అతికినట్టు సరిపోయింది. రెండు ఇంటర్వ్యూలూ గట్టెక్కింది. ఇక హెచ్ఆర్ వాళ్ళతో మాట్లాడటమే మిగిలింది. ఆ మాటలకు ముందు ఆఫర్ లెటరూ, పీఎఫ్ సర్వీసు వివరాలూ పంపమని అక్కడి రిక్రూటర్ యశస్విని మెయిల్ పెట్టింది.

ఆఫర్ లెటర్ వెంటనే పంపేసింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుని పీఎఫ్ సైట్ తెరిచింది. తెరిచి, ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

“అక్కా, ఇందులో నేను చేరింది అక్టోబర్ అని ఉంది.”

“వాళ్ళేదో తప్పు రాసింటారులే. తిను.”

“లేదక్కా. నేను చేరింది దసరాకే. కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. మీకు చెప్పాను కూడా.”

అప్పుడు బయటపడింది అసలు కథ. కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ ప్రకారం ఉమాశ్రీ జులైలో చేరాలి. జులై అంటే ఆషాఢం, ఠాఠ్ వీల్లేదన్నారు కనకలక్ష్మి గారు. పోనీ శ్రావణంలో అంటే ఆ ఏడు శుక్రమూఢం. మూఢం విడిచేసరికి మహాలయ పక్షాలు, పితృదేవతల రోజులు. ఉమాశ్రీ కంపెనీకి మెయిల్ పెట్టి బతిమాలితే, తరువాతి బ్యాచ్ అక్టోబర్‌లో ఉంది, అందులో రమ్మన్నారు. అది నవరాత్రుల్లో పడింది. కనకలక్ష్మి గారు అమ్మవారే కంపెనీ వాళ్ళ చేత చెప్పించిందన్నారు. కాని ఆఫర్ వచ్చిన రోజే ఈ పిల్ల సంబరంలో జాబ్ సైట్లో తన పేరు మీద “జులై 2019 నుంచి” అని కొట్టేసింది. తరువాత రెజ్యూమెలన్నీ అందులోంచి దింపుకున్నవే.

“దసరాకు చేరిన సంగతి గుర్తున్నప్పుడు జులై అని ఎట్లా పంపిస్తివి తల్లీ?” అన్నాను.

“ఏటా జులైలో కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది కదక్కా, ‘మీరు మాతో కలిసి ఇన్నేళ్ళయింది’ అని, కేకు బొమ్మతో. సిస్టమ్‌కి తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.”

చూశారా. ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మనిషి, తన సొంత దసరాను పక్కనపెట్టి కేకు బొమ్మను నమ్మింది.

వేళ్ళ మీద లెక్కేసుకుంది. అయిదేళ్ళ పది నెలలు. ఆరేళ్ళకు రెండు నెలలు తక్కువ. ముఖం వాడిపోయింది. నాకు భయమేసింది, ఎందుకంటే ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు.

“నోర్మూసుకుని ఉండు,” అన్నాను. “ఆఫర్ లెటర్లో జులై ఉంది. పీఎఫ్ కాగితం వాళ్ళు మళ్ళీ అడిగినప్పుడు చూసుకుందాం. మరీ అంత దురదగా ఉంటే తేదీ మార్చిన రెజ్యూమె ఒకటి సైట్లో పెట్టేయ్. ఎవరికీ చెప్పాకు.”

“అప్పుడు వాళ్ళ దగ్గర నా పేరుతో రెండు రెజ్యూమెలు ఉంటాయక్కా. ఒకదాంట్లో జులై, ఇంకోదాంట్లో అక్టోబర్. చూసినవాళ్ళకు ఏది తప్పో ఎలా తెలుస్తుంది? దొంగతనంగా మార్చాననుకుంటారు. మార్చానని నేనే చెప్పాలి, ఎందుకు మారిందో కూడా చెప్పాలి.”

సబబే. సబబైన మాటలు విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో పంచాయితీ. సోమేశ్వరరావు గారు విషయం విని, కళ్ళద్దాలు తుడుచుకుని, నలభై ఏళ్ళ ట్రెజరీ అనుభవమంతా కూడగట్టుకుని ఇంగ్లీషులో డ్రాఫ్టు మొదలుపెట్టారు. తమ దివ్యసముఖమునకు మిక్కిలి వినయవిధేయతలతో విన్నవించుకొనునది ఏమనగా అన్న ధోరణి. మొదటి పేజీ చివరికి వచ్చినా తప్పు ఏమిటో రాలేదు. తన కుమార్తె చిన్ననాటి నుంచీ క్రమశిక్షణ కలది అన్నంత వరకే వచ్చింది.

“నాన్నా, ఆవిడ రోజుకు వంద మెయిళ్ళు చదువుతుంది,” అంది ఉమాశ్రీ.

“చదవనీ అమ్మా. ఇదొక్కటి చదివితే మిగతావి మర్చిపోతుంది,” అన్నారాయన.

కనకలక్ష్మి గారికి ఇంకో బాధ. “ఆషాఢం, మూఢం వివరంగా రాయవే. లేకపోతే మనకేదో రోగమో రొష్టో వచ్చి చేరలేదనుకుంటారు. పెళ్ళి కావలసిన పిల్లవి.”

“అమ్మా, ఎందుకు ఆలస్యంగా చేరానో వాళ్ళకు అక్కర్లేదు. రెజ్యూమెలో తప్పు ఎలా పడిందో చాలు.”

“అయితే మూఢం పేరు ఎత్తనే ఎత్తవా?” ఆవిడ నొచ్చుకున్నారు. తన వంతు లేకుండా ఆ ఇంట్లో ఏ కాగితమూ కదలదు మరి.

చివరికి ఉమాశ్రీ ల్యాప్‌టాప్ తన వైపుకు తిప్పుకుంది. రాసింది ఇంగ్లీషులోనే. తెలుగులో చెప్పుకుంటే ఇదీ:

“యశస్విని గారికి, సీనియర్ టెస్ట్ ఇంజనీర్ ఉద్యోగం కోసం నేను మీకు ఇంతకుముందు పంపిన రెజ్యూమెలో ఒక తేదీ తప్పు పడింది. ప్రస్తుత కంపెనీలో చేరిన నెల జులై 2019 అని ఉంది. సరైనది అక్టోబర్ 2019. ఆఫర్ లెటర్లోని నెలను అలాగే ఉంచేశాను, కాని నేను తరువాతి బ్యాచ్‌లో చేరాను. మీరడిగిన పీఎఫ్ వివరాలు తీస్తుంటే ఇప్పుడు గమనించాను. దీనివల్ల నా అనుభవం ఆరేళ్ళు కాదు, అయిదేళ్ళ పది నెలలు. మిగతా వివరాల్లో మార్పు లేదు. సరిచేసిన రెజ్యూమె, పీఎఫ్ వివరాలు జతచేశాను. మొదటి రెజ్యూమెకు బదులు దీన్నే తీసుకోండి. పొరపాటుకు క్షమించండి. ఈ ఉద్యోగానికి ఇది అడ్డవుతుందేమో తెలియజేయండి.”

అంతే. ఇంటర్వ్యూల సంగతులు నడిచిన పాత మెయిల్ వరుసలోనే జవాబుగా పెట్టింది, విడిగా పోతే ఎవరూ జతకలపరని. ఫైలు పేరులో “సరిచేసినది” అని చేర్చింది. జాబ్ సైట్లో కూడా నెల మార్చింది.

“ఆ చివరి వాక్యం తీసేయ్. వాళ్ళకు లేని ఆలోచన నువ్వు పుట్టించేదేమి?” అన్నాను.

“రేపు వర్జ్యం వెళ్ళాక పంపవే,” అన్నారు కనకలక్ష్మి గారు.

“ఇంకొక్క పేరా చేరిస్తే...” అన్నారు సోమేశ్వరరావు గారు.

ముగ్గురం మాట్లాడుతుండగానే టక్కున నొక్కేసింది. ఆ ఇంట్లో ఘడియ చూడకుండా జరిగిన మొదటి పని అదేననుకుంటాను.

మర్నాడు క్యాంటీన్‌లో ఉండగా యశస్విని ఫోన్. ఉమాశ్రీ స్పీకర్ పెట్టింది. చిన్నపిల్ల గొంతు, ఒకటే ఆయాసం.

“ఏంది మేడమ్, మంచిగ నడుస్తున్న ప్రొఫైల్‌ని గిట్ల చేసిన్రు? మేనేజర్ సార్ ఓకే అన్నడు. ఇగ ఆఫర్ తయారు చేసుడే ఉండె. ఇప్పుడు నేను కొత్త రెజ్యూమె ఎక్కిస్తే ఆరేళ్ళకు తక్కువ చూపిస్తది, సీనియర్ పోస్టుకు మా సిస్టమ్ ముందుకు పోనియ్యదు.”

“తప్పు నాదేనండి. క్షమించండి.”

“క్షమించుడు కాదు మేడమ్. జర ఒక్క పని చేయండి. రెండోది పొరపాటున పంపిన, మొదటిదే కరెక్టు అని ఒక్క లైన్ రాయండి. ఆఫర్ లెటర్ల గూడ జులైనే ఉంది కదా. ఏం ఫికర్ లేదు, పీఎఫ్ సంగతి నేను చూసుకుంట.”

నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను, యశస్వినికి కాదు, ఉమాశ్రీకి. రాయవే తల్లీ, ఆ ఒక్క లైనూ రాయి. ఖాళీ కుర్చీలు గుర్తు తెచ్చుకో.

ఉమాశ్రీ పెదవి కొరుక్కుంది. “అలా రాయలేనండి. రెండోదే కరెక్టు. జులైలో నేను ఇంట్లో ఉన్నాను. కావాలంటే మా కంపెనీ నుంచి లెటర్ తెచ్చిస్తాను.”

“తేండి మరి,” అని నిట్టూర్చి పెట్టేసింది యశస్విని.

తెచ్చింది. తెచ్చుకున్న రోజు చూడాలి ఆమె ముఖం. మా హెచ్ఆర్ ఇచ్చిన లెటర్లో “జులై 2019 నుంచి మా సంస్థలో పనిచేస్తున్నారు” అని సంతకంతో సహా ఉంది. కేకు బొమ్మ పంపే సిస్టమ్ లోంచే లెటరూ పుడుతుంది కదా. తేదీ వాయిదా వేసినప్పుడు అందులో మార్చడం ఎవరికీ తోచలేదు.

నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. “ఇంగేం కావాలమ్మే నీకు? సాక్షాత్తూ కంపెనీయే నువ్వు జులైలో చేరినావని రాసిచ్చె! మూడు నెలలు ఊరికే ఇస్తాంటే వద్దనేవాళ్ళు యాడన్నా ఉంటారా?”

“ఇప్పుడు నేను సరిచేసి పంపిందే తప్పయి కూర్చుందక్కా,” అంది దిగాలుగా. “దీన్ని కూడా సరిచేయించాలి.”

హెచ్ఆర్‌కు ఫిర్యాదు పెట్టింది. “సిస్టమ్‌లో ఉన్న తేదీయే సరైనది” అని జవాబిచ్చి మూసేశారు. మళ్ళీ తెరిపించింది. అప్పుడు నువ్వు చేరలేదనడానికి ఆధారం ఏమిటన్నారు. జీతం తీసుకుంటూ పని చేయనివాళ్ళను ఎంతమందినో చూశాను కాని, ఫలానా రోజుల్లో నేను పని చేయలేదు మొర్రో అని సొంత కంపెనీతో పోట్లాడే మనిషిని అప్పుడే చూశాను. బెంచ్ మీద ఉన్నవాళ్ళు హెచ్ఆర్ కంట పడకుండా తిరుగుతారు. ఈవిడ రోజూ వెళ్ళి వాళ్ళ బల్ల ముందు నిలబడింది. అప్పట్లో బ్యాచ్ మార్చమని తాను రాసిన మెయిలూ, పీఎఫ్ వివరాలూ, అక్టోబర్‌లో వచ్చిన మొదటి జీతం కాగితమూ చూపించింది. చివరికి విసిగిపోయి తేదీ మార్చి కొత్త లెటర్ ఇచ్చారు. ఇచ్చినాయన, “మీకేమైనా లాభముందా మేడమ్ ఇందులో?” అని అడిగాడట, నిజంగా తెలుసుకోవాలని.

లెటర్ పంపిన రోజు సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి కనకలక్ష్మి గారు వంటింట్లో కళ్ళు తుడుచుకుంటున్నారు.

“నా మూలంగానే కదమ్మా నవ్యా. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే దీనికి ఈపాటికి ఆరేళ్ళు నిండేవి. ఉద్యోగం పోతే అది నన్నేమీ అనదు. అదే నాకు భయం.”

ఉమాశ్రీ గుమ్మంలో నిలబడి విన్నది. ఆమెకు కోపం రాగా నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు వచ్చింది. “అమ్మా, ఊరుకుంటావా? నువ్వు రోజు చూశావు. నెల తప్పు రాసింది నేను. నా తప్పు కూడా నువ్వే తీసుకుంటే నాకింక ఏం మిగులుతుంది?” అని గట్టిగా అరిచి, అరిచినందుకు తానే ఏడ్చింది. సోమేశ్వరరావు గారు టీవీ కట్టేశారు. నేను నలుగురికీ టీ పెట్టాను, ఇంకేం చేయాలో తెలియక.

యశస్విని దగ్గర నుంచి చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా మా హెచ్ఆర్ ఉమాశ్రీని గదిలోకి పిలిచారు. మంచినీళ్ళిచ్చారు. ఆ నెలాఖరు దాకా చూస్తామన్నారు. స్కూటీ మీద తిరిగొస్తూ ఆ రోజు ఆమె ఏ ఆటోవాడి తరఫునా వాదించలేదు. నాకు కూడా తిట్టబుద్ధి కాలేదు.

ఆ వారమే ఫోన్ వచ్చింది. సీనియర్ పోస్టు ఇవ్వడం కుదరలేదు, దానికి వేరే మనిషిని తీసుకున్నారు. కాని మేనేజర్ మెయిలంతా చదివి, ఈమెను వదలొద్దని అదే టీములో ఒక మెట్టు కింద టెస్ట్ ఇంజనీరుగా తీసుకోమన్నాడు. అంటే ఇప్పుడున్న హోదాయే. యశస్విని, “మేడమ్, మీరు ఆ ఒక్క లైన్ రాసుంటే...” అని మొదలుపెట్టి, “సర్లెండి, ఆల్ ద బెస్ట్” అని ముగించింది. ఉమాశ్రీ ఫోన్ పెట్టేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సంతోషమో బాధో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. కుర్చీ ఖాళీ కాకముందే తనంతట తాను లేచింది, అంతవరకు నిజం.

నాకు మాత్రం మండిపోయింది. ఒక మెట్టు! నిజం చెప్పినందుకు జరిమానా! ఆ సీనియర్ పోస్టులో చేరిన మహానుభావుడి పేరు సురేంద్ర. ఆయన అనుభవం ఎనిమిదేళ్ళట, నెలలన్నీ ముత్యాల్లా వరసగా ఉన్నాయట. సంజాయిషీ నోటు రాయవలసిన అగత్యమే పట్టలేదట. ఉమాశ్రీ పని చేయవలసింది ఆయన కిందనే. ఆమె చేరిన కొత్తలో రోజూ ఫోన్ చేసి “ఎట్లా ఉన్నాడు మీ ఎనిమిదేళ్ళ సారు?” అని ఎత్తిపొడిచేదాన్ని. “మంచాయనేనక్కా” అనేది.

మొన్న ఆదివారం మా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ, ఉన్నట్టుండి చెప్పింది.

“సురేంద్ర గారు నిన్న నన్ను పక్కకు పిలిచారక్కా. సర్వీసు తనిఖీ చేసేవాళ్ళు ఆయన్ను ఏవో నెలల గురించి అడుగుతున్నారట. పాత కంపెనీ మూతపడ్డ తరువాత ఏడాది పైగా ఖాళీగా ఉన్నారు. ఆ ఖాళీని కూడా అనుభవంలో కలిపేసి రాసుకున్నారు. ఇద్దరు పిల్లలక్కా ఆయనకి, బాగా భయపడిపోయారు.”

“బాగా అయింది!” అన్నాను. “నిన్నెందుకు పిలిచినాడంట?”

“యశస్విని చెప్పిందట, నేనేదో నోటు రాశానని, అది చదివే నన్ను తీసుకున్నారని. ‘ఉమాశ్రీ గారూ, ఆ ఫార్మాట్ కాస్త పంపుతారా’ అన్నారు.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దానికోసం ఈ పిల్ల ఒక మెట్టు పోగొట్టుకుంది, కన్నతల్లి మీద అరిచింది, సొంత కంపెనీతో తగువు పడింది. తీరా అది ఫార్మాట్ అయి కూర్చుంది.

“పంపినావా?”

“పంపాను.”

“పంపినావా! సిగ్గు లేదా నీకు? ఆ పోస్టు నీదమ్మే!”

ఉమాశ్రీ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. “నా పేరూ, నా నెలలూ తీసేసి పంపానక్కా. తప్పు పడింది ఒకటి, సరైనది ఒకటి, రెండుచోట్లా ఖాళీ వదిలాను. రాత్రి ఫోన్ చేసి, ఖాళీల్లో ఏం రాయమంటారని అడిగారు.”

“నువ్వేమన్నావు?”

“అది మీకే తెలియాలి కదండీ అన్నాను.”